ఒక్క ఎంఈవీ తేడా: కొన్ని భార కేంద్రకాలు తమంతట తామే ఎందుకు చీలుతాయి?

అందరికీ నమస్కారం.

ఒక కిలో యురేనియం-238 మన ముందు ఉందనుకుందాం. అందులో ప్రతి సెకనుకూ దాదాపు 1.24 కోట్ల కేంద్రకాలు ఒక్కో ఆల్ఫా కణాన్ని వదిలి థోరియంగా మారుతుంటాయి. అదే సెకనులో ఓ ఏడు కేంద్రకాలు మాత్రం వేరే దారి పడతాయి. బయటి నుంచి న్యూట్రాన్ ఏదీ తగలకుండానే, ఎవరూ కదిలించకుండానే, రెండు పెద్ద ముక్కలుగా చీలిపోతాయి. దీన్నే స్వచ్ఛంద విచ్ఛిత్తి అంటారు. ఆ ఏడింటికీ మిగతా వాటికీ ఏ తేడా లేదు. అన్నీ ఒకే రకం కేంద్రకాలు. ప్రతిదానికీ చీలే అవకాశం ఉంది, కాకపోతే అది చాలా చాలా తక్కువ.

ఇప్పుడు యురేనియం తీసేసి ఫెర్మియం-258 పెడదాం. దాని అర్ధాయువు 0.37 మిల్లీసెకన్లు, పోయేది దాదాపు పూర్తిగా విచ్ఛిత్తి ద్వారానే. యురేనియం-238 విషయంలో కేవలం విచ్ఛిత్తినే లెక్కలోకి తీసుకుంటే అర్ధాయువు సుమారు 8 × 10¹⁵ సంవత్సరాలు. ఒకదానికి ప్రోటాన్లు 92, ఇంకొకదానికి 100. ఎనిమిది ప్రోటాన్లు ఎక్కువైతే ఆయుష్షు 10²⁶ రెట్లకు పైగా తగ్గిపోయింది. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చిందో చూడటమే ఈరోజు మన పని.

మొదట ఒక అపోహ తీసేద్దాం. చీలితే శక్తి బయటికి వస్తుంది కాబట్టి కేంద్రకం చీలుతుందని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. ద్రవ్యరాశి సంఖ్య 100 దాటిన దాదాపు ప్రతి కేంద్రకమూ రెండు సమాన ముక్కలుగా చీలితే శక్తి బయటికే వస్తుంది. సీసం కూడా అంతే. అయినా సీసం-208 తనంతట తాను చీలడాన్ని ఎవరూ చూడలేదు. కిందికి దిగితే లాభమే, కానీ దిగాలంటే ముందు కొంత ఎక్కాలి. ఆ ఎక్కాల్సిన ఎత్తే విచ్ఛిత్తి అవరోధం. సీసం-208 కి అది సుమారు 27 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. ఇకపై దీన్ని క్లుప్తంగా ఎంఈవీ అంటాను. యురేనియం-238 కి అది 6 ఎంఈవీ దగ్గర ఉంటుంది.

ఈ అవరోధం ఎందుకు వస్తుంది? దీనికి 1939లో నీల్స్ బోర్, జాన్ వీలర్ కలిసి జవాబు ఇచ్చారు. కేంద్రకాన్ని విద్యుదావేశం ఉన్న ద్రవపు బొట్టుగా ఊహించారు. బొట్టును గుండ్రంగా పట్టి ఉంచేది తలతన్యత. ఉపరితలం పెరిగితే శక్తి ఖర్చు అవుతుంది కాబట్టి బొట్టు వీలైనంత గుండ్రంగా ఉండాలని చూస్తుంది. దాన్ని విడదీయాలని చూసేది ప్రోటాన్ల మధ్య వికర్షణ, అంటే కూలుంబ్ శక్తి. ప్రోటాన్లు ఒకదానికొకటి దూరం జరిగితే ఆ శక్తి తగ్గుతుంది. మనకు కావలసిందల్లా ఈ రెండింటి పోటీ.

ఆ పోటీని అంకెల్లో చూద్దాం. యురేనియం-238 ని పూర్తిగా గుండ్రటి బొట్టు అనుకుంటే దాని ఉపరితల శక్తి సుమారు 626 ఎంఈవీ, కూలుంబ్ శక్తి సుమారు 963 ఎంఈవీ. ఇప్పుడు బొట్టును ఒక దిశలో కొద్దిగా సాగదీద్దాం. ధ్రువాల వైపు వ్యాసార్ధం 10 శాతం పెరిగింది, నడుము దగ్గర 5 శాతం తగ్గింది. ఘనపరిమాణం మారలేదు. సాగిన మేరను α అంటే, ఇక్కడ α = 0.1. గుండ్రటి బొట్టు ఉపరితల శక్తిని Es అనీ, కూలుంబ్ శక్తిని Ec అనీ రాద్దాం. చిన్న సాగుడుకు లెక్క ఇలా ఉంటుంది:

ఉపరితల శక్తిలో పెరుగుదల = (2/5) α² Es
కూలుంబ్ శక్తిలో తరుగుదల = (1/5) α² Ec

అంకెలు వేస్తే ఉపరితలం వల్ల 2.5 ఎంఈవీ పెరిగింది, కూలుంబ్ వల్ల 1.9 ఎంఈవీ తగ్గింది. నికరంగా 0.6 ఎంఈవీ పెరిగింది. అంటే బొట్టుకు మళ్లీ గుండ్రంగా మారడమే లాభం. చూడండి, వందల ఎంఈవీల శక్తులు రెండు రెండు వైపులా లాగుతుంటే చివరికి మిగిలింది ఒక ఎంఈవీ కన్నా తక్కువ. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా దీని మీదే నడుస్తుంది.

ఈ రెండూ సరిసమానం అయ్యేది ఎప్పుడు? కూలుంబ్ శక్తి ఉపరితల శక్తికి రెట్టింపు అయినప్పుడు. అప్పుడు బొట్టును ఏ కాస్త కదిపినా అది ఆగకుండా సాగిపోతుంది, అవరోధం అనేదే ఉండదు. అందుకే ఫిసిలిటీ అనే పరామితిని ఇలా నిర్వచించారు:

x = Ec / (2 Es)

x విలువ 1 అయితే అవరోధం సున్నా. 1 కన్నా ఎంత తక్కువైతే అంత ఎత్తైన అవరోధం. ప్రోటాన్ల సంఖ్యను Z, ద్రవ్యరాశి సంఖ్యను A అంటే, కూలుంబ్ శక్తి Z² / A^(1/3) తోనూ, ఉపరితల శక్తి A^(2/3) తోనూ పెరుగుతాయి. రెంటినీ భాగిస్తే మిగిలేది Z²/A. అందుకే పాఠ్యపుస్తకాల్లో ఫిసిలిటీ అనగానే Z²/A కనిపిస్తుంది. సీసం-208 కి ఇది 32.3, యురేనియం-238 కి 35.6, కాలిఫోర్నియం-252 కి 38.1. స్థూలంగా Z²/A ని 50 తో భాగిస్తే x వస్తుందని రాస్తారు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ 50 తో యురేనియం-238 కి లెక్క వేస్తే x = 0.71 వస్తుంది. x విలువ 0.67 దాటిన కేంద్రకాలకు అవరోధం ఎత్తు దాదాపు ఇంత అని ఒక ఉజ్జాయింపు సూత్రం ఉంది:

B ≈ 0.83 (1 − x)³ Es

0.71 తో లెక్కిస్తే దాదాపు 14 ఎంఈవీ వస్తుంది. కొలిచిన విలువ 6. అంటే రెట్టింపు కన్నా ఎక్కువ తప్పు. కారణం ఏమిటంటే, భార కేంద్రకాల్లో న్యూట్రాన్లు ప్రోటాన్ల కన్నా బాగా ఎక్కువ. యురేనియం-238 లో న్యూట్రాన్లు 146, ప్రోటాన్లు 92. న్యూట్రాన్లు ఇలా ఎక్కువైతే తలతన్యత కొంచెం బలహీనపడుతుంది. ఈ సవరణ చేస్తే 50 కాస్తా 46 దగ్గరికి వస్తుంది. x విలువ 0.77 అవుతుంది. ఇప్పుడు అదే సూత్రంలో పెడితే అవరోధం 6.3 ఎంఈవీ. ఇందాక నేను చెప్పిన 626 ఎంఈవీ ఉపరితల శక్తి కూడా ఈ సవరణ చేశాక వచ్చినదే.

x లో 0.06 తేడా వస్తే అవరోధం సగానికి పైగా పడిపోయింది. (1 − x) మీద ఘనం ఉండటమే దీనికి కారణం. కాబట్టి x ని ఎవరైనా ఇచ్చినప్పుడు అది ఏ సవరణతో లెక్కించినదో అడగాలి. రెండు వేరు వేరు పుస్తకాల నుంచి తీసిన x విలువలను పక్కపక్కన పెట్టి పోల్చడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు.

సరే, అవరోధం 6 ఎంఈవీ అని తేలింది. యురేనియం కేంద్రకం తన కనిష్ఠ శక్తి స్థితిలో ఉంది, దాని దగ్గర ఆ 6 ఎంఈవీ లేదు. మరి ఎలా దాటుతుంది? పైనుంచి దాటదు. క్వాంటం యాంత్రికశాస్త్రం అనుమతించినట్లు లోపలి నుంచి దూరిపోతుంది. అదే టన్నెలింగ్. ఆల్ఫా క్షయంలో జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ దూరేది నాలుగు కణాల ముద్ద, ఇక్కడ ఆకారం మార్చుకుంటూ కదిలేది మొత్తం 238 కణాల గుంపు. బరువు ఎక్కువైన కొద్దీ టన్నెలింగ్ కష్టం అవుతుంది.

ఎంత కష్టమో మనమే లెక్కిద్దాం. కేంద్రకం ఆకారం ఎప్పుడూ కంపిస్తూ ఉంటుంది. ఆ కంపనం శక్తి సుమారు 1 ఎంఈవీ, అంటే సెకనుకు 2.5 × 10²⁰ సార్లు కేంద్రకం అవరోధం దాకా వెళ్లి వెనక్కి వస్తుందని అర్థం. అర్ధాయువు 8.2 × 10¹⁵ సంవత్సరాలు, అంటే 2.6 × 10²³ సెకన్లు. దీని నుంచి సెకనుకు చీలే సంభావ్యత 2.7 × 10⁻²⁴ అవుతుంది. దీన్ని 2.5 × 10²⁰ తో భాగిస్తే ఒక్కో ప్రయత్నంలో దాటే సంభావ్యత వస్తుంది. అది సుమారు 10⁻⁴⁴.

ఈ 10⁻⁴⁴ ని 6 ఎంఈవీల అవరోధం తెచ్చిపెట్టింది. 44 ని 6 తో భాగిస్తే 7.3. అంటే, స్థూలంగా, అవరోధం ఒక్క ఎంఈవీ పెరిగినా తగ్గినా అర్ధాయువు 10⁷ రెట్లకు పైగా మారుతుంది. ఇది ఒకే మూపురం ఉన్న సాదా అవరోధం అనుకుని వేసిన మోటు లెక్క. అసలు కేంద్రకాల్లో అవరోధం వెడల్పు కూడా మారుతుంది కాబట్టి ఆ రెట్లు కొంచెం అటూ ఇటూ అవుతాయి. ఎలా చూసినా ఒక్క ఎంఈవీకి లక్షల నుంచి కోట్ల రెట్లు తేడా వస్తుంది. యురేనియం-238 మొత్తం బంధన శక్తి దాదాపు 1,800 ఎంఈవీ. అందులో 1,800వ వంతు లెక్క తప్పితే ఆయుష్షు కోటి రెట్లు తప్పుతుంది.

బోర్, వీలర్ల 1939 పత్రంలో ఇలాంటి అంచనాయే ఒకటి ఉంది. విచ్ఛిత్తికి సుమారు 10²² సంవత్సరాలు పట్టవచ్చని వాళ్లు రాశారు. నిజంగా కొలిస్తే 10¹⁶ దగ్గర తేలింది. పది లక్షల రెట్ల తేడా అంటే భయంకరంగా వినిపిస్తుంది. కానీ ఇప్పుడు మీకు తెలుసు, ఆ తేడా అవరోధంలో ఒక ఎంఈవీకి మించి ఉండాల్సిన పని లేదు. ఆ రోజుల్లో ఉన్న సమాచారంతో అంత దగ్గరికి రావడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

కొలిచిన విధానం కూడా చెప్పుకోవాలి. 1940లో సోవియట్ యూనియన్‌లో గ్యోర్గీ ఫ్లెరోవ్, కాన్‌స్టాంటిన్ పెట్ర్జాక్ యురేనియం పూసిన పలకలతో అయనీకరణ పెట్టె తయారు చేశారు. ఆల్ఫా కణం 4 ఎంఈవీల శక్తితో వస్తే విచ్ఛిత్తి ముక్కలు ఒక్కోటి దాని కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శక్తితో వస్తాయి కాబట్టి విద్యుత్ స్పందన ఎత్తును బట్టి రెంటినీ విడదీయవచ్చు. న్యూట్రాన్ మూలం దగ్గర లేకపోయినా అప్పుడప్పుడు ఆ పెద్ద స్పందనలు వస్తూనే ఉన్నాయి. వెంటనే వచ్చే సందేహం ఏమిటి? విశ్వకిరణాలు న్యూట్రాన్లను పుట్టిస్తున్నాయేమో, విచ్ఛిత్తికి అవే కారణమేమో. అందుకని పరికరాన్ని మాస్కోలో భూమికి సుమారు 60 మీటర్ల లోతున ఉన్న దినామో మెట్రో స్టేషన్‌లోకి దించారు. అక్కడ విశ్వకిరణాలు బాగా తగ్గిపోతాయి. స్పందనల రేటు తగ్గలేదు. అంటే కారణం బయట లేదు, కేంద్రకంలోనే ఉందన్నమాట. ఇప్పటికీ చాలా తక్కువ రేటుతో జరిగే విచ్ఛిత్తిని కొలిచేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఇదే: బయటి న్యూట్రాన్ల వాటా ఎంత?

ఇక ఫిసిలిటీ మాట. థోరియం, యురేనియం, ప్లూటోనియం, కాలిఫోర్నియం, ఫెర్మియం అని వరసగా వెళ్తే Z²/A పెరుగుతుంది, ప్రోటాన్లూ న్యూట్రాన్లూ రెండూ సరి సంఖ్యలో ఉన్న కేంద్రకాల్లో విచ్ఛిత్తి అర్ధాయువు మొత్తం మీద తగ్గుతూ వస్తుంది. థోరియం-232 కి అది 10²¹ సంవత్సరాలకు పైనే. ప్లూటోనియం-240 కి 1.15 × 10¹¹ సంవత్సరాలు. కాలిఫోర్నియం-252 కి సుమారు 86 సంవత్సరాలు. ఇక్కడిదాకా ద్రవబిందు నమూనా చక్కగా పనిచేస్తుంది. చిక్కంతా దగ్గరికి వెళ్లి చూస్తేనే.

మొదటి చిక్కు: యురేనియం-235. దీని Z²/A 36.0, అంటే 238 కన్నా ఎక్కువ. కాబట్టి తొందరగా చీలాలి. కానీ దీని స్వచ్ఛంద విచ్ఛిత్తి అర్ధాయువు సుమారు 10¹⁹ సంవత్సరాలు, 238 కన్నా వెయ్యి రెట్లు ఎక్కువ. ప్లూటోనియంలోనూ ఇంతే. 239 కి Z²/A 37.0, 240 కి 36.8. అయినా 239 విచ్ఛిత్తి అర్ధాయువు సుమారు 8 × 10¹⁵ సంవత్సరాలు, అంటే 240 కన్నా దాదాపు 70 వేల రెట్లు ఎక్కువ.

రెండు చోట్లా ఎక్కువ కాలం ఉండేది న్యూట్రాన్ల సంఖ్య బేసిగా ఉన్న కేంద్రకమే. కేంద్రకంలో న్యూట్రాన్లు జంటలుగా ఉంటాయి. ఆకారం సాగుతున్నప్పుడు వాటి శక్తి స్థాయిలు పైకీ కిందికీ కదులుతాయి, ఒకదాన్నొకటి దాటుతాయి. జంటగా ఉన్నవి అలా దాటే చోట తక్కువ శక్తి స్థాయికి కలిసి మారిపోగలవు. జంట లేని ఒంటరి న్యూట్రాన్ అలా మారలేదు. కేంద్రకం అక్షం మీద తన కోణీయ ద్రవ్యవేగపు భాగాన్ని అది కాపాడుకోవాలి, కాబట్టి ఆ విలువ ఉన్న స్థాయిలోనే, అది పైకి పోతున్నా, దానితో పాటే పోవాలి. దాని వల్ల దారి పొడవునా అవరోధం కొంచెం ఎత్తవుతుంది. ఎంత? మన మోటు లెక్క ప్రకారం 70 వేల రెట్లకు 0.7 ఎంఈవీ చాలు. ద్రవపు బొట్టుకు జంటలు తెలియవు, అందుకే ఫిసిలిటీ దీన్ని పట్టుకోలేదు.

ఈ తేడా కాగితం మీద మిగిలిపోయేది కాదు. ఒక గ్రాము ప్లూటోనియం-240 లో సెకనుకు దాదాపు 480 విచ్ఛిత్తులు జరుగుతాయి. 1944లో అమెరికా అణుబాంబు ప్రయోగశాల లాస్ అలమోస్‌లో ఎమిలియో సెగ్రే బృందం రియాక్టర్‌లో తయారైన ప్లూటోనియంలో స్వచ్ఛంద విచ్ఛిత్తి అనుకున్న దానికన్నా బాగా ఎక్కువగా ఉందని కనిపెట్టింది. 239 న్యూట్రాన్‌ను పట్టుకుని 240 గా మారడమే దానికి కారణం. ఒక ముక్కను ఇంకో ముక్కలోకి పేల్చి కలిపే తుపాకీ పద్ధతిలో ప్లూటోనియం బాంబు తయారు చేసే ఆలోచనను ఆ ఏడాది జూలైలో వదిలేయాల్సి వచ్చింది.

ముందు వరసలో ఒకరు చేయి ఎత్తారు. యురేనియం-235 కదా సులువుగా విచ్ఛిత్తి చెందేది, రియాక్టర్లలో వాడేది, మరి అది 238 కన్నా మొండిది ఎలా అవుతుంది అని అడుగుతున్నారు. చాలా సరైన ప్రశ్న. రియాక్టర్‌లో చీలేది 235 కాదండీ. నెమ్మదిగా వచ్చిన న్యూట్రాన్‌ను 235 మింగితే 236 అవుతుంది, చీలేది ఆ 236. ఆ న్యూట్రాన్ జంట కుదుర్చుకుని చేరడం వల్ల కేంద్రకానికి 6.5 ఎంఈవీల శక్తి దొరుకుతుంది. 236 అవరోధం 6 కన్నా కొంచెం తక్కువ. పైనుంచే దాటేస్తుంది, టన్నెలింగ్ అవసరమే లేదు. అదే 238 న్యూట్రాన్‌ను మింగితే 4.8 ఎంఈవీలే దొరుకుతాయి, అవరోధం 6 పైన. అందుకే వేగంగా వచ్చే న్యూట్రాన్ కావాలి. న్యూట్రాన్ తగిలితే చీలడం ఒకటి, తనంతట తాను చీలడం మరొకటి. మొదటిదానికి దొరికే శక్తి ముఖ్యం, రెండోదానికి అవరోధం ఎత్తు, వెడల్పు ముఖ్యం.

ఇప్పుడు నాకు అన్నింటికన్నా ఇష్టమైన చోటికి వద్దాం. ఫెర్మియం. ప్రోటాన్లు 100. సరి సంఖ్యలో న్యూట్రాన్లు ఉన్న నాలుగు ఐసోటోపులు తీసుకుందాం, జంటల గొడవ ఉండదు. 252, 254, 256, 258. న్యూట్రాన్లు పెరిగిన కొద్దీ Z²/A తగ్గుతుంది: 39.7, 39.4, 39.1, 38.8. తలతన్యత సవరణ చేసినా x విలువ 0.844 నుంచి 0.837 కి కొద్దిగా తగ్గుతుంది. కాబట్టి ద్రవబిందు నమూనా చెప్పేది ఇది: 252 నుంచి 258 కి వెళ్లే కొద్దీ విచ్ఛిత్తి అర్ధాయువు కొంచెం పెరగాలి.

కొలిచిన విలువలు చూడండి. 252 కి సుమారు 125 సంవత్సరాలు. 254 కి 228 రోజులు. 256 కి దాదాపు 3 గంటలు. 258 కి 0.37 మిల్లీసెకన్లు. పూర్తిగా ఎదురు దిశ. ఆరు న్యూట్రాన్లు చేరేసరికి పది లక్షల కోట్ల రెట్లకు పైగా పడిపోయింది. అందులోనూ చివరి రెండు న్యూట్రాన్ల దగ్గరే దాదాపు మూడు కోట్ల రెట్లు పడింది.

ఇక్కడ ఒక పాత పరిశీలన చెప్పాలి. 1955లో స్వియాటెకి అనే భౌతిక శాస్త్రవేత్త స్వచ్ఛంద విచ్ఛిత్తి అర్ధాయువులను Z²/A కి ఎదురుగా గీసి, గీత నుంచి ఒక్కో కేంద్రకం ఎంత తప్పుకుందో చూశాడు. ఆ తప్పుకోవడం ఇష్టారాజ్యంగా లేదు. ద్రవబిందు నమూనా చెప్పిన ద్రవ్యరాశి కన్నా నిజమైన ద్రవ్యరాశి ఎంత తక్కువగా ఉంటే ఆ కేంద్రకం అంత ఎక్కువ కాలం ఉంటోంది. దీని భావం సూటిగా ఉంది. కనిష్ఠ స్థితిలో కేంద్రకం అదనంగా గట్టిపడి కిందికి దిగితే, అక్కడి నుంచి అవరోధం శిఖరం అంత ఎత్తుగా కనిపిస్తుంది. శిఖరం మారలేదు, బయలుదేరే చోటు లోతైంది.

ఆ అదనపు గట్టిదనం కర్పరాల వల్ల వస్తుంది. పరమాణువులో ఎలక్ట్రాన్లకు కర్పరాలు ఉన్నట్లే కేంద్రకంలో న్యూట్రాన్లకూ ప్రోటాన్లకూ ఉన్నాయి. గుండ్రటి కేంద్రకాలకు కర్పరం పూర్తిగా నిండే 50, 82, 126 మ్యాజిక్ సంఖ్యలు. సాగి ఉన్న కేంద్రకాలకు వేరే సంఖ్యలు. ఫెర్మియం పరిసరాల్లో న్యూట్రాన్లు 152 దగ్గర అలా నిండే చోటు ఒకటి ఉంది. ఫెర్మియం-252 లో న్యూట్రాన్లు సరిగ్గా 152. దాని కనిష్ఠ స్థితి లోతుగా ఉంది. అక్కడి నుంచి న్యూట్రాన్లు చేరుస్తూ పోతే ఆ లాభం కరిగిపోతుంది. 252 నుంచి 256 దాకా జరిగిన పతనానికి ఇది ముఖ్యమైన కారణం. కాలిఫోర్నియంలో కూడా ఇదే ఛాయ కనిపిస్తుంది. 254 కి Z²/A తక్కువైనా దాని అర్ధాయువు రెండు నెలలే, 252 కి విచ్ఛిత్తి అర్ధాయువు 86 సంవత్సరాలు.

256 నుంచి 258 కి జరిగిన పతనానికి ఇది ఒక్కటే చాలదు. అవరోధం అవతలి వైపు కూడా చూడాలి. కర్పరాల ప్రభావం కనిష్ఠ స్థితి దగ్గరే ఆగదు, సాగుతున్న ప్రతి ఆకారం మీదా పడుతుంది. 1962లో సోవియట్ యూనియన్‌లోని దుబ్నాలో పోలికానోవ్ బృందం అమెరీషియం-242 లో 14 మిల్లీసెకన్ల అర్ధాయువుతో చీలే ఒక వింత స్థితిని చూసింది. అదే కేంద్రకం మామూలు స్థితిలో అంత తొందరగా చీలదు. 1967లో స్ట్రుటిన్స్కీ కర్పరాల సవరణను ద్రవబిందు శక్తికి కలిపే పద్ధతి ఇచ్చాక అర్థం తెలిసింది. ఈ కేంద్రకాలకు అవరోధం ఒకే మూపురం కాదు, రెండు. మధ్యలో ఒక గుంట ఉంది. బాగా సాగిన ఆకారంలో కేంద్రకం ఆ గుంటలో చిక్కుకుంటుంది. అక్కడి నుంచి దాటాల్సింది రెండో మూపురం ఒక్కటే, అందుకే తొందరగా చీలుతుంది.

ఫెర్మియం-258 దగ్గర జరిగింది ఏమిటంటే, ఈ రెండో మూపురం కనిష్ఠ స్థితి మట్టం కన్నా కిందికి పడిపోయింది. ఇక దాటాల్సింది మొదటి మూపురం ఒక్కటే, దారి సన్నబడిపోయింది. అది ఎందుకు పడిపోయిందో చెప్పే ఆధారం ముక్కల్లోనే ఉంది. ఫెర్మియం-256 చీలితే ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, యురేనియంలో మాదిరే. 258 చీలితే రెండు ముక్కలూ దాదాపు సమానం. రెండుగా పంచితే ఒక్కోదానికి 50 ప్రోటాన్లు, 79 న్యూట్రాన్లు. 50 ప్రోటాన్లు అంటే తగరం. 50 మ్యాజిక్ సంఖ్య, 79 కూడా 82 కి దగ్గరే. అంటే రెండు ముక్కలూ తగరం-132 అనే అతి గట్టి గుండ్రటి కేంద్రకానికి పొరుగువి. చీలడానికి చాలా ముందే, సాగుతున్న కేంద్రకంలోనే ఈ రెండు గుండ్రటి ముక్కలు రూపు దిద్దుకుంటాయి, ఆ కర్పరాల లాభం రెండో మూపురాన్ని కిందికి లాగుతుంది.

దీన్ని ఇంకో విధంగా కూడా రుజువు చేసుకోవచ్చు. రెండు గుండ్రటి ముక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నప్పుడు వాటి కేంద్రాల మధ్య దూరం తక్కువ. దూరం తక్కువైతే వికర్షణ ఎక్కువ, ముక్కలు ఎక్కువ వేగంతో ఎగిరిపోతాయి. ఫెర్మియం-258 ముక్కల మొత్తం గతిజ శక్తి 230 ఎంఈవీల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. పొడవుగా సాగి విడిపోయే మామూలు విచ్ఛిత్తిలో అది 200 దగ్గర ఉంటుంది. ముక్కల బరువు, వాటి వేగం రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

వెనక నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది. అలాగైతే ఫిసిలిటీని పక్కన పెట్టేయొచ్చు కదా అంటున్నారు. లేదండీ. రూథర్‌ఫోర్డియం-256 తీసుకోండి, ప్రోటాన్లు 104. x = 0.89 వస్తుంది, ద్రవబిందు అవరోధం ఒక ఎంఈవీ కన్నా తక్కువ, సుమారు 0.8. బొట్టు ఒక్కటే ఉంటే ఇది పుట్టిన క్షణంలోనే చీలిపోవాలి. కానీ దాని అర్ధాయువు కొన్ని మిల్లీసెకన్లు ఉంది. కేంద్రకం కంపనాల కాలంతో పోలిస్తే అది ఎంతో దీర్ఘం. అంటే దాన్ని నిలబెట్టి ఉంచిన అవరోధమంతా దాదాపుగా కర్పరాలదే అని మనకు తెలిసింది x వల్లనే. బొట్టు ఇచ్చే వాటా ఎంతో ముందు తెలిస్తేనే మిగతాది కర్పరాల వాటా అని విడదీయగలం. యురేనియం దగ్గర బొట్టు అవరోధాన్ని తానే మోస్తుంది, కర్పరాలు దాని ఆకారాన్ని మారుస్తాయి. ఫెర్మియం దగ్గర ఇద్దరూ కలిసి మోస్తారు, అందుకే రెండు న్యూట్రాన్లకే అంత పతనం. 104 దాటాక కర్పరం నిండిన చోట కేంద్రకం బతుకుతుంది, నిండని చోట చీలిపోతుంది. 114 దాకా, ఆ పైకి కూడా మూలకాలను తయారు చేయగలిగింది ఆ నిండిన చోట్లను వెతుక్కుంటూ వెళ్లడం వల్లనే.

ఇంకా ప్రశ్నలు ఉంటే అడగండి.